ఉంగరపు వేలికి అరగంట

మా నాన్న చేయి వణకడం మొదలైనప్పుడు ఆయనకు నలభై ఆరేళ్లు. నాకు నలభై నాలుగో ఏడు నడుస్తుండగా, నాచారంలోని ఫ్యాక్టరీలో ఒక ఉదయం షాఫ్టు కొలుస్తుంటే, నా ఎడమచేతి ఉంగరపు వేలు దానంతటది ఎగిరిపడింది. చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. నేను చూశాను.

నా పని తనిఖీ. లేత్ మెషిన్ల మీద తయారైన ఇనుప ముక్కలను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో మైక్రోమీటరు తిప్పి, వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పక్కన పడేయాలి. ఆ పనికి చదువుకన్నా కన్ను ముఖ్యం, కన్నుకన్నా చేయి ముఖ్యం. పద్దెనిమిదేళ్లుగా నా చేతుల మీద నమ్మకంతోనే నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

నాన్న ఊళ్లో దర్జీ. ఆయనకు మొదట సూదిలో దారం ఎక్కడం మానేసింది. తరువాత, పనేమీ లేకుండా అరుగు మీద కూర్చున్నప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకుంటూ, కనిపించని బీడీ చుడుతున్నట్టు కదులుతుండేవి. చివరి మూడేళ్లు అమ్మ ఆయనకు అన్నం కలిపి తినిపించింది. ఆ జబ్బు పేరు వరంగల్ దవాఖానాలో చెప్పారు. ఆ పేరును మా ఇంట్లో ఎవరం పలికేవాళ్లం కాదు.

ఆ రోజు నుంచి నేను నా చేతిని కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టాను. గ్లాసు పట్టుకున్నప్పుడు చూసేవాణ్ణి. చొక్కా గుండీలు పెట్టుకున్నప్పుడు చూసేవాణ్ణి. బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడితే వణుకు బస్సుదా నాదా అని చూసేవాణ్ణి. డాక్టరు దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు. వెళితే ఆయన ఆ పేరు చెబుతాడు. చెప్పాక అది నాదైపోతుంది. నా భార్యకు కూడా చెప్పలేదు.

మా అమ్మాయి కోసం కొన్న కీబోర్డు ఒకటి బీరువా మీద దుమ్ముపట్టి పడి ఉండేది. ఇంటర్మీడియెట్‌లో చేరాక ఆ పిల్ల దాన్ని ముట్టలేదు. ఒకనాడు ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు, జిరాక్సు దుకాణం గోడ మీద చేతిరాతతో ఒక కాగితం కనిపించింది. పెద్దవాళ్లకు కీబోర్డు నేర్పబడును, రోజుకు అరగంట చాలు అని ఉంది. సంగీతం మీద ప్రేమతో ఆ కాగితం చదివానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నాకు తట్టింది ఒకటే: పది వేళ్లనూ విడివిడిగా పరీక్ష పెట్టే వస్తువు మా బీరువా మీదే ఉంది. అది ఏ జబ్బు పేరూ చెప్పదు.

నేర్పే ఆవిడ బస్ డిపో వెనక వీధిలో ఉండేది. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. ఆదివారం ఉదయం చర్చిలో వాయించి, మధ్యాహ్నం ఇంట్లో మాలాంటి వాళ్లకు నేర్పేది. నా వేళ్లు చూపించమంది. చూపించాను. రెండు చేతులూ గట్టిగా బల్లకు అదిమిపెట్టి చూపించాను, వణుకు కనిపించకుండా.

"ఏ పాట కోసం వచ్చిన్రు అన్నా?" అని అడిగింది.

"పాటేం లేదు మేడం. ఊరికెనే. చేతులు జర మంచిగ తిరగాలె, గంతే."

ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, ఒక నోటుబుక్కు తీసుకుని గీతలు కొట్టింది. అరగంటను నాలుగు ముక్కలు చేసింది. మొదటి ఐదు నిమిషాలు వేళ్లు వేడెక్కడానికి. తరువాత పది నిమిషాలు ఆ వారం కొత్త పాఠం. ఇంకో పది నిమిషాలు పాట. చివరి ఐదు నిమిషాలు, అప్పటికే వచ్చినదాన్ని హాయిగా వాయించుకోవడానికి. వారానికి ఆరు రోజులు, ఒక రోజు సెలవు.

పక్క పేజీలో వారాల లెక్క రాసింది. మొదటి వారం కుడిచేతి ఐదు వేళ్లు కీబోర్డు మీది ఐదు మెట్ల మీద, అంటే నొక్కే మీటల మీద, సా రి గ మ ప, పైకీ కిందికీ. రెండో వారం అదే ఎడమచేత్తో. మూడో వారం కుడిచేత్తో ఎనిమిది మెట్లూ, మూడో వేలు కింది నుంచి బొటనవేలిని దూర్చి. నాలుగో వారం ఎడమచేత్తో మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం, అలాంటివి మూడు రకాలు. ఐదో వారం రెండు చేతులూ కలిపి రెండు వరుసల పాట. ఆరో వారం పాట పూర్తిగా.

"మూడు షరతులు అన్నా," అంది. "నిమిషానికి అరవై దెబ్బల తాళం కీబోర్డుల్నే పెట్టుకోన్రి. తప్పు లేకుంట వరుసగ మూడుసార్లు వస్తెనే నాలుగు దెబ్బలు పెంచాలె. రెండోది, వారం పాఠం రాకుంటే ఆ వారమే మల్ల చెయ్యాలె, ముందుకు ఉరుకొద్దు. మూడోది, అరగంట అయిందంటే లేవాలె. ఇంక చెయ్యబుద్ధి అయినా సరే, లేవాలె. ఒకరోజు తప్పిపోతే మర్నాడు గంట చేస్తనంటే కుదరదు."

మొదటి రెండు షరతులకూ తల ఊపాను. మూడోది వినలేదనే చెప్పాలి.

సాయంత్రాలు మా వీధిలో కరెంటు పోయేది కాబట్టి తెల్లవారాక ఆరింటికి కూర్చునేవాణ్ణి. నా భార్య వంటింట్లో ఉండేది. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం వల్ల ఆమెకు తాళమూ స్వరమూ వినిపించేవి కావు, మెట్లు నొక్కిన టకటక మాత్రం వినిపించేది. "గీ వయసుల నీకు గిదేం సోకు," అని మొదటిరోజు నవ్వింది. నేనూ నవ్వాను.

కుడిచేయి మొదటి వారంలో బాగానే వచ్చింది. నోటుబుక్కులో రోజూ దెబ్బలు ఎన్ని అని రాయాలి. అరవై, అరవై నాలుగు, అరవై ఎనిమిది అని రాశాను. ఆ అంకెల పక్కన, మార్జిన్‌లో, ఇంకో గుర్తు కూడా పెట్టడం మొదలుపెట్టాను. వేలు వణికినట్టు అనిపించినప్పుడల్లా పెన్సిలుతో ఒక చిన్న చుక్క. మొదటి వారంలో మొత్తం నాలుగు చుక్కలు.

రెండో వారంలో ఎడమచేయి వచ్చింది. చిటికెన వేలితో మొదలుపెట్టాలి. చిటికెన వేలు నొక్కింది. ఉంగరపు వేలు లేవలేదు. దాన్ని లేపబోతే మధ్యవేలు లేచింది. రెంటినీ కలిపి లేపితే రెండు మెట్లు ఒకేసారి మోగాయి. నేను నా వేలికేసి చూస్తూ, నువ్వు లే అని మనసులో చెప్పాను. అది నా మాట వినలేదు. నాన్న తన చేతితో మాట్లాడడం నేను చిన్నప్పుడు చూశాను. "ఆగవే, ఆగు," అనేవాడు, అది వేరే ప్రాణి అయినట్టు.

తాళం ఆపి, హెడ్‌ఫోన్లు తీసేశాను.  ఆ ఒక్క రోజే మార్జిన్‌లో పదకొండు చుక్కలు.

ఆ వారం లక్ష్యం అందలేదు. షరతు ప్రకారం మళ్లీ అదే వారం. రెండోసారీ అందలేదు. ఆదివారం ఆవిడ ముందు వాయించాలంటే భయమేసి, బంధువుల ఇంట్లో పని ఉందని కబురు పంపి మానేశాను. మరుసటి ఆదివారం బంద్ పిలుపు వచ్చి బస్సులు తిరగలేదు. నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. బంద్ వచ్చినందుకు సంతోషపడ్డ మనిషి ఆ రోజు నాచారంలో నేనొక్కణ్ణే ఉంటాను.

అదే రోజు నేను పెద్ద తప్పు చేశాను. భార్యా బిడ్డా లాలాపేట్‌లో మా వదిన ఇంటికి నడిచి వెళ్లారు. ఇల్లు ఖాళీ. ఇవాళ తేల్చుకుంటాను అనుకున్నాను. వేలిది మొండితనమైతే లొంగుతుంది, జబ్బయితే లొంగదు, అంతే కదా అనుకున్నాను. అరగంట గడిచింది. గంట గడిచింది. తాళం అరవై నుంచి పెంచుతూ పోయాను, తప్పులొచ్చినా పెంచాను. భుజం బిగుసుకుపోయింది, మణికట్టు మండింది. రెండున్నర గంటల తరువాత చేయి మెట్ల మీది నుంచి తీసి గాలిలో పెట్టి చూశాను. ఎండుటాకులా వణుకుతోంది.

చుక్కలు పెట్టలేదు. పెన్సిలు పట్టుకోవడమే చేతకాలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో పదకొండు గంటలప్పుడు నా చేతిలోంచి ముక్క జారింది. దాన్ని పట్టుకోబోయి మైక్రోమీటరు కూడా వదిలేశాను. సిమెంటు నేల మీద అది పడిన చప్పుడుకు పక్క లేత్ మీది మనిషి తల తిప్పాడు. పద్దెనిమిదేళ్లలో నేను కొలత పరికరం కింద పడేయడం అదే మొదలు. పడిన పరికరాన్ని నమ్మకూడదు, మళ్లీ సరిచూపించుకోవాలి. అందుకు సూపర్‌వైజరుకు చెప్పాలి.

ఆయన నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. "ఏమైందన్నా, తబియత్ మంచిగ లేదా?" అన్నాడు.

"రాత్రి నిద్ర పట్టలే," అన్నాను. ఎడమచేయి జేబులో పెట్టుకున్నాను.

"పోయి జర చాయ్ తాగి రా. ఫికర్ చెయ్యకు."

ఆయన మంచిగానే అన్నాడు. కానీ ఆ రోజంతా ఆయన రెండుసార్లు నా బల్ల వైపు చూశాడు. బల్ల దగ్గర నుంచి తీసేస్తే నన్ను ఎక్కడ పెడతారు? ప్యాకింగులోనా, గేటు దగ్గరా? ఆ తరువాత ఎక్కడ? నాన్న అరుగు కళ్ల ముందు కనిపించింది. ఇంటికి రాగానే కీబోర్డును మళ్లీ బీరువా మీదికి ఎక్కించేశాను. నా భార్య అడిగితే బిజీ అన్నాను.

ఆ తరువాతి ఆదివారం ఉప్పల్ వెళ్లింది నేర్చుకోవడానికి కాదు, మానేస్తున్నానని చెప్పడానికి. ఆవిడ తలుపు తీసి, "నోటుబుక్కు తెచ్చిన్రా?" అంది. మానేసేవాణ్ణి పుస్తకం ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు. ఇచ్చాను. ఆవిడ పేజీలు తిప్పింది. అంకెలు చూసింది. మార్జిన్ దగ్గర వేలు ఆగింది.

"ఈ చుక్కలేంది?"

పుస్తకం వెనక్కి తీసుకోబోతే ఆవిడ ఇంకో పేజీ తిప్పింది.

"బంద్ రోజు ఏం రాయలే. ఎంతసేపు చేసిన్రు?"

"అరగంట."

"అన్నా, నేను ఇరవై ఏండ్లసంది నేర్పుతున్న. మీ మణికట్టు చూడున్రి, ఇంక వాచే ఉన్నది. ఎంతసేపు?"

"రెండున్నర గంటలు," అన్నాను. అన్నాక ఇక ఆగలేదు. నాన్న సంగతి, ఎగిరిపడ్డ వేలు, జారిపోయిన మైక్రోమీటరు, అంతా చెప్పేశాను. ఇంట్లో చెప్పనిది బయటి మనిషికి చెప్పడం నాకే వింతగా ఉంది. 

ఆవిడ నోటుబుక్కు మూసింది. తన ఎడమచేతిని బల్ల మీద పరిచి, మధ్యవేలిని అరచేతి కిందికి మడిచింది. "మీరు గూడ పెట్టున్రి," అంది. పెట్టాను. "ఇప్పుడు బొటనవేలు లేపున్రి." లేచింది. "చూపుడువేలు." లేచింది. "చిటికెన వేలు." అదీ లేచింది. "ఇప్పుడు ఉంగరపు వేలు."

లేవలేదు. 

"ఇగో, నాది సూడున్రి," అంది.

ఆవిడ ఉంగరపు వేలు బల్లకు అంటుకున్నట్టే ఉంది. చర్చిలో ముప్పై ఏళ్లుగా వాయించిన చేయి అది.

"ఇది ఎవరికీ లేవదన్నా. ఆ రెండు వేళ్ల నరాలు లోపల ఒకదానికొకటి కట్టేసినట్టుంటయి. వేరే వేళ్లతోటి సమానంగ రావాలంటే నెలలు పడతది, ఏండ్లు పడతది. అందుకే రెండో వారం అందరికీ రెండు మూడు వారాలైతది. మీకు ముందే చెప్తే భయపడతరని చెప్పలే. అది నా తప్పు." చేయి బల్ల మీది నుంచి తీసి, "వణుకు సంగతి వేరు. నేను డాక్టర్‌ని కాదు. దానికి డాక్టర్ దగ్గరికి పోవాలె. వేలు లేవకపోవుడు జబ్బు కాదు, గంత మట్టుకే నాకు తెల్సు," అంది.

ఇంటికొచ్చి, నా భార్య బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, "నీ చెయ్యి ఇట్ల పెట్టు," అన్నాను. మధ్యవేలు మడిపించాను. ఆమెకూ ఉంగరపు వేలు లేవలేదు. "అరె, గిదేంది!" అని పకపకా నవ్వింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. అమ్మాయిని పిలిచింది. ఆ పిల్లకూ లేవలేదు. ఇద్దరూ నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయాను. నా కళ్లలో నీళ్లు చూసి నా భార్య నవ్వు ఆపేసింది. అమ్మాయిని లోపలికి పంపి, "ఏమైంది? సక్కగ చెప్పు," అంది.

రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. మా నాన్నకు ఈమె కూడా రెండేళ్లు సేవ చేసింది. ఏం చూడాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. విన్నాక బియ్యం పళ్లెం పక్కకు జరిపింది.

"ఎన్ని దినాలసంది?"

"ఐదు నెలలు."

"ఐదు నెలలు నువ్వొక్కనివే భయపడ్డవా?" అంది. కోపంగానే అంది. "రేపు లీవు పెట్టు."

నరాల డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్న రెండు గంటలూ నేను పారిపోదామనే చూశాను. ఆమె నా మణికట్టు వదల్లేదు. లోపల ఆయన నన్ను నడిపించాడు. చేతులు చాచమన్నాడు. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. బొటనవేలూ చూపుడువేలూ గబగబా తట్టమన్నాడు. కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు గీయమన్నాడు. మోచేతిని పట్టుకుని అటూ ఇటూ మడిచి చూశాడు. తరువాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమని, నా ఉద్యోగం గురించి మాట్లాడుతూ, మాట్లాడుతూనే నా చేతులకేసి చూస్తున్నాడు.

"మీ నాయినకు ఎప్పుడు వణుకుతుండె? పని చేస్తుంటెనా, ఊరికె కూసుంటెనా?"

"ఊరికె కూసున్నప్పుడు సార్. పని చేస్తే జర తగ్గుతుండె."

"మీకు?"

నేను ఆలోచించాను. ఐదు నెలలు చేతినే కనిపెట్టుకుని ఉన్న మనిషిని, ఈ ఒక్క సంగతి ఎప్పుడూ గమనించలేదు. "పట్టుకున్నప్పుడు సార్. ఒళ్లో పెట్టుకుంటే ఏం లేదు."

"రోజుకు చాయ్ ఎన్ని?"

"ఎనిమిది," అని నా భార్య చెప్పింది. "నిద్ర కూడ పోతలేడు సార్."

రక్తపరీక్ష రాశాడు, అది మామూలుగానే వచ్చింది. ఆ ఫలితం చూపించడానికి వెళ్లినప్పుడు ఆయన చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఇయ్యాల నాకు మీల ఆ జబ్బు కనిపిస్తలేదు. మీది భయంతోని, చాయ్‌తోని, నిద్ర లేక వచ్చే వణుకు. ఆ జబ్బు తండ్రికొస్తే కొడుకుకు రావాల్నని లేదు, శాన మందికి రాదు. కని ముందుకెప్పుడూ రాదని కాయితం రాసియ్యలేను. ఏడాదికొకసారి వచ్చి చూపించుకోన్రి. చేతులకు పని చెప్పుడు మాత్రం మంచిదే, అలిసిపోకుంట."

బయటికొచ్చాక నా భార్య దవాఖానా మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆమె కూడా ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది నాకు. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. భయం ఒక్కసారిగా పోతుందనుకున్నాను, పోలేదు. "రాదని కాయితం రాసియ్యలేను" అన్న మాట నాతోపాటే బస్సెక్కింది.

చాయ్ రెండుకు తగ్గించాను. కీబోర్డు కిందికి దించాను. ఉప్పల్‌లో ఆవిడ నోటుబుక్కులో పాత పేజీ చించేసి కొత్తది రాసింది. అరగంటలో ఏమీ మార్చలేదు, కానీ నా దగ్గర గడియారం లేకుండా చేసింది. అరగంట కాగానే నా భార్య వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద కొట్టాలి, నేను లేవాలి. మార్జిన్‌లో చుక్కలు పెట్టనన్నాను గానీ, రెండు వారాల పాటు పెన్సిలు దానంతటదే అక్కడికి వెళ్లేది. ఎడమచేతి రెండో వారం నాకు మొత్తం ఐదు వారాలు పట్టింది. అరవైలో కాదు, యాభైలో మొదలుపెట్టాను. ఉంగరపు వేలిని లేపాలని చూడడం మానేసి, చేయి బరువునే దాని మీదికి వాల్చడం నేర్పింది ఆవిడ. ఒక గురువారం నాడు ఐదు స్వరాలూ సమానంగా వినిపించాయి. మూడుసార్లు వరుసగా వచ్చాయి. నాలుగోసారి వాయించకుండా లేచిపోయాను, పాడవుతుందేమోనని.

మూడో వారం పాఠానికి రెండు వారాలు, నాలుగో దానికి మూడు, ఐదో దానికి నాలుగు పట్టాయి. రెండు చేతులూ కలిపిన మొదటి రోజు కుడిచేయి నడుస్తుంటే ఎడమచేయి ఆగిపోయేది, ఎడమచేయి నొక్కితే కుడిచేయి దారి తప్పేది. పాత భయం మళ్లీ వచ్చి మెడ మీద కూర్చుంది. అప్పుడు ఆవిడ చెప్పినట్టు ఒక్కో వరుసను ముక్కలు చేసి, ఎడమచేయి నొక్కాల్సిన చోట మాత్రమే రెండూ కలిపి, మిగతాది వదిలేసి వాయించేవాణ్ణి. ఫ్యాక్టరీలో నా బల్ల నాకే ఉంది. సూపర్‌వైజరు మళ్లీ అడగలేదు. కానీ పరికరం చేతిలోకి తీసుకునే ముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగేవాణ్ణి. ఇప్పటికీ ఆగుతాను.

ఆరు వారాల పాఠానికి ఆరు నెలలు పట్టాయి. చివర్లో ఆవిడ తన దగ్గర నేర్చుకునే పెద్దవాళ్లందరినీ ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచింది. ఒక బ్యాంకు గుమస్తా, నాగోల్ నుంచి వచ్చే ఒక నర్సు, రిటైరైన ఒక రైల్వే ఆయన, ఇంకో ఇద్దరు. అందరం ఒక్కో పాట వాయించాలి. నా వంతు మూడోది.

కూర్చోగానే ఎడమచేయి వణికింది. ఈసారి అందరికీ కనిపించేలా వణికింది. నర్సు చూసింది, చూసి కళ్లు పక్కకు తిప్పుకుంది. జేబులో పెట్టుకుందామంటే ఆ చేతితోనే వాయించాలి. వెనక్కి తిరిగి చూశాను. నా భార్య చెప్పులు విడిచే గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తాళం పెట్టనా అన్నా?" అని ఆవిడ అడిగింది.

"వద్దు మేడం," అన్నాను, "నేనే మెల్లగ పోత."

మొదటి రెండు వరుసలూ వచ్చాయి. మూడో వరుసలో ఉంగరపు వేలు పక్క మెట్టు మీద పడింది, చెవికి తెలిసేంత తప్పు. ఆగితే ఇక మొదలుపెట్టలేనని తెలుసు. ఆగలేదు. నాలుగో వరుస చివరి మూడు స్వరాలనూ ఒకేసారి నొక్కి, మోగడం పూర్తయ్యేదాకా చేయి తీయకుండా పట్టుకున్నాను. మెట్ల మీద అదిమి ఉన్నంతసేపు అది వణకలేదు.

బ్యాంకు గుమస్తా చప్పట్లు కొట్టాడు. ఆవిడ నా నోటుబుక్కు తీసుకుని ఖాళీ పేజీ తెరిచి, పైన ఏడో వారం అని రాసింది.